అక్క పెళ్లి బ్లౌజు: ఈ కథను కొలతల నుంచి రాయడం ఎలా

విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి, హైదరాబాద్‌లో జరగబోయే అక్క పెళ్లికి రాత్రిళ్లు కూర్చుని బ్లౌజు కుడుతుంది. కథకు ఇది మంచి విషయం. చేతిలో పని ఉంది, గడువు ఉంది, మనసులో మనిషి ఉంది. అయినా ఈ విషయం మీద రాసే కథలు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. మొదటి పేరాలో కిటికీ బయట మంచు, రెండో పేరాలో ఫోన్‌లో అమ్మ గొంతు, మూడో పేరాలో కన్నీళ్లు వచ్చేస్తాయి. బ్లౌజు బల్ల మీద ఊరికే పడి ఉంటుంది. దాని బదులు ఊలు టోపీ పెట్టినా కథలో ఏమీ మారదు.

బ్లౌజు తీసేస్తే కథ కూలిపోవాలి. అలా రాయాలంటే ఆ బ్లౌజు ఏది, ఎవరి కొలతలతో, ఏ వరసలో, ఏ గంటలో కుట్టారో రాసేవాళ్లకి ముందే తెలిసి ఉండాలి. అది ఎలా తెలుసుకోవాలో, దాన్ని కథగా ఎలా పేర్చాలో ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను. చెల్లి డబ్లిన్‌లో ఉంటుంది. అక్క, అమ్మ సికింద్రాబాద్ వారాసిగూడలో ఉంటారు. నాన్న లేడు. పేర్లు మీరు పెట్టుకోండి, ఇక్కడ చెల్లి, అక్క, అమ్మ చాలు.

1. ముందు ఏ బ్లౌజో తేల్చండి

హైదరాబాద్‌లో ఒక పెళ్లికి పెళ్లికూతురికి ఒక్క బ్లౌజు ఉండదు. పెళ్లికూతుర్ని చేసిన రోజుకి ఒకటి, ముహూర్తం పట్టుచీరకి ఒకటి, మధుపర్కానికి ఒకటి, రిసెప్షన్‌కి ఇంకొకటి ఉంటాయి. "పెళ్లి బ్లౌజు" అని రాసి వదిలేస్తే పాఠకురాలికి మొదట కనిపించేది ముహూర్తం పట్టు బ్లౌజే. దాన్ని డబ్లిన్‌లో అద్దెగదిలో కుడుతోందంటే ఆమె నమ్మదు. ఆ బ్లౌజుకి మగ్గం వర్క్ చేయిస్తారు. గుడ్డను చెక్క ఫ్రేముకి బిగించి, మెడ, చేతుల ఆకారం గీసి, వర్క్ అంతా అయ్యాకే కత్తిరిస్తారు. అది అలవాటైన చేతుల పని. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో దుకాణానికి ఇస్తారు గానీ చెల్లికి పంపరు.

అందుకే నేనైతే మధుపర్కం బ్లౌజు తీసుకుంటాను. తెల్ల చీర, ఎర్ర అంచు. చాలా ఇళ్లలో జీలకర్ర బెల్లం పెట్టాక పెళ్లికూతురు లోపలికి వెళ్లి మధుపర్కం కట్టుకుని వచ్చి కూర్చుంటుంది. పుస్తె కట్టేది, తలంబ్రాలు పోసేది ఆ చీరలోనే. బ్లౌజు సాదాగానే ఉంటుంది, ఫొటోలో దానికేసి ఎవరూ ప్రత్యేకంగా చూడరు. కానీ అక్కడ ఒక చిక్కు ఉంది. చీర మార్చుకోవడానికి దొరికేది కొద్ది నిమిషాలే. బయట అయ్యగారు తొందర చేస్తుంటారు. లోపల నలుగురు ఆడవాళ్లు, ఒక చిన్న గది. ఆ గదిలో బ్లౌజు పట్టకపోతే ఇంకో దారి లేదు. మీ కథలో టెన్షన్ అంతా ఈ గది నుంచే వస్తుంది, అదీ మీరు ఆ గదిని ఒక్కసారి కూడా చూపించకుండానే.

చెల్లి ఎందుకు కుడుతోంది అన్న ప్రశ్నకి ఒక పాత సంగతి చాలు. చిన్నప్పుడు అక్క బ్లౌజులకి పక్క కుట్లు లోపలికి వేసుకుని తొడుక్కున్నది చెల్లే. అక్క ఒంటి కొలత ఆమెకి చేతివేళ్లతో తెలుసు. దీన్ని కథలో రెండు వాక్యాల్లో చెప్పేసి ముందుకు వెళ్లండి, ఫ్లాష్‌బ్యాక్ అక్కర్లేదు.

2. గడియారం, క్యాలెండర్ ముందు పెట్టుకోండి

చెల్లి ఒక వృద్ధాశ్రమంలో హెల్త్‌కేర్ అసిస్టెంట్. ఐర్లండ్ ఈ ఉద్యోగానికి 2021 నుంచి వర్క్ పర్మిట్ ఇస్తోంది కాబట్టి మీ కథ ఆ తర్వాతే జరగాలి. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా షిఫ్టు. పెళ్లి మాఘమాసంలో, అంటే కుట్టేది జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో. జనవరిలో డబ్లిన్‌లో పొద్దున 8 గంటలు దాటాక తెల్లవారి, సాయంత్రం 5 లోపే చీకటి పడుతుంది. షిఫ్టు ఉన్న రోజు చెల్లి ఆ గుడ్డను పగటి వెలుతురులో చూసే అవకాశమే లేదు. ఎర్ర అంచుకి దారం రంగు కలిసిందో లేదో బల్బు వెలుగులో తేలదు. అది తేలాలంటే సెలవు రోజు మధ్యాహ్నం దాకా ఆగాలి. ఇలాంటి చిన్న ఆటంకాలు రాసుకుంటే చాలు, ఒంటరితనం అనే మాట వాడే అవసరం రాదు.

ఇక సమయాల తేడా. చలికాలంలో డబ్లిన్ కంటే హైదరాబాద్ ఐదున్నర గంటలు ముందుంటుంది. మార్చి చివరి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట ముందుకి జరుపుతారు, అప్పటి నుంచి తేడా నాలుగున్నర. పెళ్లిని వైశాఖానికి మార్చారంటే మీ కథలోని ఫోన్ వేళలన్నీ మారిపోతాయి. మాఘంలో అయితే చెల్లి రాత్రి 11కి సూది పట్టుకుని కూర్చున్నప్పుడు వారాసిగూడలో తెల్లవారుజాము 4:30. కొలత అడగాలన్నా అక్కను లేపాలి.

అదే అమెరికాలో డల్లాస్ అయితే రాత్రి 10 గంటలకి ఇక్కడ పొద్దున 9:30. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోన్ చేసి అడిగేయొచ్చు, అడిగేస్తే కథే లేదు. నేను డబ్లిన్ ఎంచుకున్నది ఈ నిశ్శబ్దం కోసమే.

ఇప్పుడు ఆ 4:30కే ఒక మలుపు పెట్టండి. అక్క నిద్రలో ఉంటుందనుకుని చెల్లి మెసేజ్ కూడా పెట్టదు. కానీ వాట్సాప్‌లో అక్క పేరు కింద "ఆన్‌లైన్" అని కనిపిస్తుంది. మర్నాడు రాత్రీ అంతే. నెల రోజుల్లో పెళ్లి పెట్టుకుని ఆ వేళకి అక్క ఎందుకు మేలుకుని ఉంది? దీన్ని పక్కన పెట్టుకోండి, కొలతల దగ్గర మళ్లీ కావాలి.

చెల్లి పెళ్లికి వెళ్తోందా లేదా అన్నది కూడా ఇప్పుడే తేల్చేయండి. మన ఉదాహరణలో వెళ్లడం లేదు. ఆమె ఐఆర్‌పీ కార్డు, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, గడువు దగ్గరపడింది, కొత్తది రావాలి. చేతిలో గడువున్న కార్డు లేకుండా దేశం దాటితే తిరిగి లోపలికి రావడం చిక్కు. కథలో ఇది ఒక్క వాక్యమే. దుర్మార్గుడైన మేనేజర్‌ని, సెలవు ఇవ్వని ఆఫీసుని సృష్టించకండి. వాళ్లు వచ్చారంటే కథ వాళ్ల మీదకి పోతుంది. బ్లౌజును తోటి ఉద్యోగి ఒకామె సూట్‌కేసులో తీసుకువెళ్తుంది. డబ్లిన్ నుంచి హైదరాబాద్‌కి నేరుగా విమానం లేదు, దుబాయ్‌లోనో దోహాలోనో మారాలి. ఆమె బయలుదేరే రోజే చెల్లికి గడువు.

3. కొలతలు: కథ దాగేది ఇక్కడే

దూరం నుంచి బ్లౌజు కుట్టాలంటే రెండు దారులు ఉన్నాయి. ఒకటి ఆది బ్లౌజు, అంటే సరిగ్గా పట్టే పాత బ్లౌజు ఒకటి పంపించడం. రెండోది అమ్మ టేపు పట్టుకుని ఒంటి మీద కొలిచి చెప్పడం. మామూలు మనిషి ఏదో ఒకటి చేస్తుంది. మీ కథలో రెండూ జరగాలి, రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదు.

ఆది బ్లౌజును ఎలా కొలుస్తారో తెలుసుకుని రాయండి. హుక్కులు పెట్టి, బల్ల మీద ముడతలు లేకుండా పరిచి, ఒక చంక కింద నుంచి ఇంకో చంక కింద దాకా టేపు పెడతారు. 18 అంగుళాలు వస్తే చుట్టూ 36. షోల్డర్, పొడవు, చెయ్యి పొడవు, చేతి లూజు, చంక, ముందు మెడ, వెనక మెడ, ఒక్కొక్కటీ ఇలాగే. అన్నీ కథలో రాయకండి, పట్టిక అయిపోతుంది. రెండే చాలు, చెస్ట్ ఒకటి, షోల్డర్ ఒకటి. ఎందుకంటే మనిషి లావైనా సన్నబడినా చెస్ట్, నడుము మారతాయి గానీ షోల్డర్ పెద్దగా మారదు. షోల్డర్ తప్పితే బ్లౌజు భుజం మీద నిలవదు, జారిపోతుంది, దాన్ని తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం. చెస్ట్ తప్పితే దారి ఉంది.

ఇప్పుడు మన ఉదాహరణ. దసరాకి అక్క వేసుకున్న బ్లౌజును ఆదిగా పంపారు. అది 36. జనవరిలో అమ్మ వీడియో కాల్‌లో టేపు పట్టి కొలిస్తే షోల్డర్ అదే వచ్చింది, చెస్ట్ మాత్రం 34 వచ్చింది. ఒంటి మీద కొలిచిన దానికి రెండు వేళ్ల సందు కలుపుకోవాలి కదా అని చెల్లి అడిగితే, కలిపే చెప్పానంటుంది అమ్మ. మూడు నాలుగు నెలల్లో రెండు అంగుళాలు పోయాయి.

ఈ చోట రాసేవాళ్లు చేసే పని ఏమిటంటే, చెల్లి చేత ఆలోచింపజేస్తారు: "అక్క ఎంత చిక్కిపోయిందో!" అలా రాయకండి. అమ్మ చేత పెళ్లి పనులు అనిపించండి, చెల్లి చేత టేపు గురించి మాట్లాడించండి. ఇలా:

"టేపు సాగిందేమో చూడమ్మా. పాతదా?"
"పాతదే. నీ ముందటి నుంచి ఉన్నదే."
"ఇంకోసారి పెట్టు. సోఫా మీద కాదు, నిలబెట్టి."
"ఎన్నిసార్లు పెట్టినా గంతే ఉంటది బిడ్డా. పెళ్లి పనులు కదా, తిరుగుడే తిరుగుడు."
అక్క టేపు తీసి పక్కన పెట్టింది. "అయిందా? నాకు లేటైతుంది" అంది కెమెరాకేసి చూడకుండా.

సాగిన టేపు సంగతి నిజం. గుడ్డ టేపు ఏళ్ల తరబడి వాడితే సాగుతుంది. కానీ సాగిన టేపు కొలతను తక్కువ చేసి చూపిస్తుంది, అసలు 36 ఉన్నచోట 35 చూపించవచ్చు. కాబట్టి చెల్లి అనుమానం అర్థం లేనిది కాదు. షోల్డర్ మాత్రం అదే టేపుతో తేడా లేకుండా వచ్చింది కదా, అంటే టేపు మరీ తప్పు కాదు. ఈ లెక్క చెల్లికి ఫోన్ పెట్టేశాక తడుతుంది. కుట్టుపని తెలిసిన పాఠకురాలికి అంతకు ముందే తట్టి ఉంటుంది. ఆ ఇద్దరి మధ్య ఉన్న కొద్దిపాటి ఎడమే ఇక్కడ మీరు సంపాదించేది.

మరి అక్క ఎందుకు చిక్కిపోయింది, ఎందుకు నిద్రపోవడం లేదు? రాసే ముందు మీకు తెలిసి ఉండాలి. నా సమాధానం ఇది: తను కూడా వెళ్లిపోతే వారాసిగూడ ఇంట్లో అమ్మ ఒక్కతే మిగులుతుంది. పెళ్లి ఇష్టం లేక కాదు, అబ్బాయి మంచివాడే. కానీ ఆ ఇంటి తాళం రాత్రిపూట లోపల నుంచి ఒక్కతే వేసుకుంటుంది ఇకపై. దీన్ని వివరించకండి. ఎక్కడో ఒకచోట అక్క నోటి నుంచి ఒక్క మాట జారనివ్వండి, అంతే. ఎక్కడ అన్నది ఆరో మెట్టులో చెబుతాను.

4. గుడ్డ, కత్తెర

చీరతో వచ్చే బ్లౌజు పీసు సాధారణంగా 80 సెంటీమీటర్ల నుంచి ఒక మీటరు దాకా ఉంటుంది. డబ్లిన్‌లో ఇదే గుడ్డ మళ్లీ దొరకదు. అంటే కత్తెర ఒక్కసారే. లైనింగ్ గుడ్డ అమ్మే పంపింది, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తీసుకుంది.

లైనింగ్ దగ్గర ఒక మంచి అవకాశం ఉంది. కాటన్ లైనింగ్ తడిస్తే కుంచించుకుపోతుంది. అందుకే కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు, లేకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ లోపలికి లాగి పై గుడ్డ ముడతలు పడుతుంది. కొత్త లైనింగ్ గంజితో బిరుసుగా ఉంటుంది. చెల్లి కవరు విప్పి బకెట్లో నీళ్లు పట్టుకుందామనుకుని, గుడ్డ చేత్తో పట్టుకోగానే ఆగుతుంది. మెత్తగా ఉంది. మధ్యలో దండెం మడత గీత. అమ్మ నానబెట్టి, మిద్దె మీద ఆరేసి, ఇస్త్రీ చేయకుండా మడిచి పంపింది, ఆ మాట ఫోన్‌లో చెప్పనేలేదు. రెండు వాక్యాల్లో రాసి, నీళ్ల బకెట్ ఖాళీ చేయించండి. "అమ్మ ప్రేమ" అన్న మాట పక్కన చేరిస్తే ఆ రెండు వాక్యాలూ వృథా.

కటింగ్ సెలవు రోజు పగటిపూటే జరగాలి. తెల్ల గుడ్డ మీద గీతలు బల్బు వెలుగులో సరిగ్గా కనపడవు. ఇక్కడ ఒక ప్రమాదం పెట్టాలనుకుంటే చేతుల దగ్గర పెట్టండి. చేతికి ముందువైపు చంక వంపు వెనకవైపు కంటే కొంచెం లోతుగా ఉంటుంది, అందుకే కుడి చెయ్యి, ఎడమ చెయ్యి వేరు. గుడ్డ మడిచి రెండూ ఒకేసారి కత్తిరిస్తే జత సరిగ్గా వస్తుంది. కానీ ఎర్ర అంచు చేతుల చివర రావాలి, అంచు పొడవు సరిపెట్టుకోవడానికి చెల్లి ఒకదాని తర్వాత ఒకటి విడిగా కత్తిరిస్తుంది, పేపరు నమూనాను తిప్పడం మర్చిపోతుంది. రెండూ ఒకే చేతివి వచ్చాయి. తెలిసేది ఎలాగంటే, రెంటినీ బల్ల మీద పక్కపక్కన పెడితే లోతు వంపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, ఇక్కడ రెండూ ఒకే దిక్కుకి చూస్తున్నాయి.

చాలామంది రచయితలు ఇక్కడ చెల్లిని ఏడిపించి, గుడ్డ పాడైపోయిందని రాసి, కొత్త గుడ్డ కోసం పరుగులు పెట్టిస్తారు. కుట్టడం తెలిసిన పాఠకురాలు ఆ పేజీ దగ్గరే అడుగుతుంది: "తిప్పి వేయొచ్చు కదా?" నిజమే. సాదా నేత గుడ్డకి మంచివైపు, చెడ్డవైపు పెద్ద తేడా ఉండదు. అంచులో బుటాలు, వెనక తేలిన దారాలు లేకపోతే ఒక చేతిని తిరగేసి వాడుకోవచ్చు. అంచు వెనకవైపు కాస్త మసకగా ఉంటుంది, అంతే. కాబట్టి భయాన్ని ఒక పేరాకే పరిమితం చేయండి. చెల్లి గుడ్డ ముక్కను కిటికీ దగ్గర తిరగేసి చూస్తుంది, అంచు వెనక తేలిన దారాలు లేవు. ఊపిరి పీల్చుకుంటుంది. ఎడమ చెయ్యి కొంచెం మసక. పెళ్లిలో ఎడమ చేతికేసి ఎవరు చూస్తారు అనుకుంటుంది. కథ ముందుకి నడుస్తుంది.

5. ఏది పగలు, ఏది రాత్రి

"రాత్రంతా మిషన్ తొక్కింది" అని రాయకండి. డబ్లిన్‌లో ఆమె ఉండేది నలుగురు పంచుకున్న ఇంట్లో, చెక్క నేల మీద. కరెంటు మిషన్ అదురు కింది గది దాకా పోతుంది. కింద మడిచిన తువ్వాలు వేస్తే కొంచెం తగ్గుతుంది గానీ రాత్రి 11కి వాడే పని కాదు. కాబట్టి పనిని రెండుగా విడదీయండి. మిషన్ మీద వేసే కుట్లు, అంటే డాట్లు, లైనింగ్ జతచేయడం, భుజాలు, పట్టీలు, చేతులు ఎక్కించడం, సెలవు రోజు పగలు. చప్పుడు లేని పని, అంటే మెడ హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, రాత్రి.

ఈ విభజన వల్ల మీకు ఒక లాభం ఉంది. రాత్రి పనులన్నీ వేళ్లకి దగ్గరగా ఉండేవి, నెమ్మదిగా సాగేవి. మెడకి వేసే పట్టీని గుడ్డకి ఐమూలగా, 45 డిగ్రీల వాలులో కత్తిరిస్తారు. దాన్ని క్రాస్ పీస్ అంటారు. అది సాగుతుంది కాబట్టి వంపు చుట్టూ ముడత లేకుండా తిరుగుతుంది. హెమ్మింగ్‌లో సూది పై గుడ్డలో ఒకటి రెండు పోగులనే పట్టాలి, లేకపోతే బయటికి చుక్కలు కనిపిస్తాయి. హుక్కు పక్కన హుక్కు, ఎదురుగా దారంతో చుట్టిన కాజా. ఇలాంటి పనిలో మనసు ఖాళీగా ఉంటుంది, ఫోన్ పక్కనే ఉంటుంది. అక్క పేరు కింద "ఆన్‌లైన్" కనిపించేది ఈ సమయంలోనే.

ఒకటి మాత్రం తీసేయండి. తెల్ల గుడ్డ, సూది అనగానే ప్రతి కథలోనూ వేలికి సూది గుచ్చుకుని ఎర్ర చుక్క పడుతుంది. అంచు ఎరుపు చాలు మనకి.

6. పక్క కుట్టు మీద కథను నిలబెట్టండి

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే చదవాలనుకుంటే ఇది చదవండి.

మన టైలర్లు బ్లౌజు పక్కల్లో ఒక్క కుట్టు వేసి వదిలేయరు. లోపల కొంత గుడ్డ వదిలి, ఒకదాని పక్కన ఒకటి రెండు మూడు వరసలు వేస్తారు. ఒంటికి దగ్గరగా ఉన్న వరస విప్పితే బ్లౌజు వదులవుతుంది, దాని వెనక వరస పని చేస్తుంది. లెక్క తేలికే. వరసల మధ్య దూరం పావు అంగుళం అనుకోండి. ఒక పక్కన ముందు గుడ్డ, వెనక గుడ్డ రెండూ ఉంటాయి, రెండు పక్కలు. అంటే రెండు పక్కలా ఒక్కో వరస విప్పితే నాలుగు పావులు, మొత్తం ఒక అంగుళం పెరుగుతుంది. పక్క కుట్టు చేతి చివర నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే గీతగా వస్తుంది కాబట్టి చేతి లూజు కూడా అర అంగుళం పెరుగుతుంది.

ఇప్పుడు చెల్లికి రెండు కొలతలు ఉన్నాయి, 34, 36. ఏది నమ్మాలి? పెళ్లి రోజుకి అక్క ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆమె మూడు వరసలు వేస్తుంది. బయటి వరస 36కి, మధ్యది 35కి, లోపలిది 34కి. నాలుగో వంతు లెక్కన చూస్తే 9, ఎనిమిదీ ముప్పావు, ఎనిమిదిన్నర. బయటి వరస అవతల ఇంకో అర అంగుళం గుడ్డ వదలాలి, అంటే పక్కన తొమ్మిదిన్నర దగ్గర కత్తిరించి ఉండాలి. ముందు భాగంలో డాట్లకీ హుక్ పట్టీకీ కావలసిన గుడ్డ వేరు. ఈ అంకెలు కథలో అవసరం లేదు, మీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు. కానీ ఉండాలి. ఎందుకంటే నాలుగో మెట్టులో ఆమె కటింగ్ చేసినప్పుడే ఈ నిర్ణయం తీసుకుని ఉండాలి. కటింగ్ అయ్యాక "గుడ్డ వదిలింది" అని రాస్తే పట్టుబడతారు.

బయటి రెండు వరసలూ మిషన్ మీద, పగలు వేసేసింది. లోపలిది మాత్రం చేత్తో, రాత్రి. ఎందుకు? పెళ్లి గదిలో మిషన్ కుట్టు విప్పడానికి బ్లేడు కావాలి, టైమ్ కావాలి, తొందరలో గుడ్డ తెగవచ్చు. చేత్తో దగ్గర దగ్గరగా వేసిన కచ్చా కుట్టు అయితే దారం కొస పట్టి లాగితే వచ్చేస్తుంది. అంత బలం సరిపోతుందా అని టైలర్ అడుగుతాడు. కొన్ని గంటలకి సరిపోతుంది, తెగినా వెనకాల మిషన్ వరస ఉంది. దారం తెలుపే ఉండాలి, ఎరుపు వాడితే బిగుతుగా ఉన్నప్పుడు పక్క నుంచి బయటికి కనిపిస్తుంది. కానీ అమ్మకి తొందరలో ఆ కొస దొరకాలి కదా. అందుకని చెల్లి దారం కొసకి మాత్రం లోపల ఒక చిన్న ఎర్ర దారం ముడి వేస్తుంది, రెండు పక్కలా.

గుడ్డ గురించి ఒక జాగ్రత్త. పట్టు గుడ్డ మీద విప్పిన కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి, కాటన్ మీద తడి చేసి ఇస్త్రీ చేస్తే చాలావరకు పూడుతాయి. మన మధుపర్కం కాటన్ అని ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఈ ఉపాయం నిలవదు.

ఈ వరస వేస్తున్న రాత్రే అక్క మాట జారాలి. చెల్లి ఇక ఆగలేక మెసేజ్ పెడుతుంది. ఇలా రాయవచ్చు:

"ఇంకా పండుకోలేదా అక్కా?"
చాలాసేపు టైపింగ్ అని వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది.
"నిద్ర వస్తలేదే. నువ్వు?"
"నీ బ్లౌజే. పక్క కుట్టు."
"బిగుతుగా పెట్టకు."
"అమ్మ 34 అంది."
ఈసారి ఇంకా ఆలస్యం.
"అమ్మ బీపీ గోలీ నేను యాది చేస్తేగాని వేసుకోదు" అని వచ్చింది.
చెల్లి సూదిలో దారం మళ్లీ ఎక్కించింది.

అక్క కొలత ప్రశ్నకి జవాబివ్వలేదు, గమనించండి. జవాబు అదే అయినా దాని మీద ఇంకో వాక్యం రాయకండి. చెల్లి చేత "అమ్మ గురించి బెంగ పెట్టుకోకు, నేను రోజూ ఫోన్ చేస్తా" అనిపించాలన్న కోరిక మీకు కలుగుతుంది. అనిపించారంటే అక్కడితో కథ తేలిపోతుంది. ఆ మాట నిజం కూడా కాదు, ఐదున్నర గంటల తేడాలో ఆ గోలీ వేళకి చెల్లి నిద్రలోనో షిఫ్టులోనో ఉంటుంది.

భాష విషయంలో ఒక్క మాట. వారాసిగూడ ఇంటి మాట తెలంగాణ మాటైతే చివరిదాకా అలాగే ఉంచండి. ఒక వాక్యంలో "యాది" అనీ ఇంకో వాక్యంలో "జ్ఞాపకం చేయనిదే" అనీ రాస్తే మనిషి మారిపోతుంది. చెల్లి రెండేళ్లుగా అక్కడ ఉంది కాబట్టి ఇంగ్లిష్ కలిపి మాట్లాడాలని లేదు. ఇంటివాళ్లతో మాట్లాడేటప్పుడు ఎవరైనా ఇంటి మాటకే తిరిగి వస్తారు.

7. ఎక్కడ ఆపాలి

పెళ్లి పందిరిలో ఆపడం నాకు నచ్చదు. వీడియో కాల్‌లో అక్కను మధుపర్కంలో చూసి చెల్లి కళ్లు తుడుచుకోవడం ఇప్పటికే చాలామంది రాసేశారు. ఇంకో సమస్య కూడా ఉంది. పందిరి చూపిస్తే బ్లౌజు పట్టిందా లేదా అన్నది చెప్పేయాలి, ఎర్ర ముడి లాగారా లేదా అన్నది చెప్పేయాలి. అప్పుడు కథ ఒక పొడుపుకథలా ముడి విప్పి ముగుస్తుంది.

నేనైతే సూట్‌కేసు ఇవ్వడానికి ముందు ఆపుతాను. చెల్లి బ్లౌజు మడిచి, అమ్మకి ఒక చీటీ రాసి లోపల పెడుతుంది. చీటీలో ఇంతే ఉంటుంది: రెండు పక్కలా లోపల ఎర్ర ముడి ఉంటుంది, బిగుతుగా ఉంటే పట్టుకుని లాగు, సరిపోతే ముట్టుకోకు, హుక్కులు పై నుంచి పెట్టు, ఎడమ చెయ్యి అంచు కొంచెం మసక, ఏం కాదు. చీటీ చివర ఇంకొకటి చేర్చవచ్చు: బీపీ గోలీ పెళ్లి రోజు కూడా వేసుకో. ఇది అక్కకి ఇచ్చిన జవాబు, అమ్మకి రాసినా. చీటీతోనే కథ ఆపేయండి, చీటీ చదివాక అమ్మ ఏం చేసిందో రాయకండి.

8. రాశాక చూసుకోవలసినవి

మొత్తం కథలో సగానికి పైగా మూడు, ఆరు మెట్లకే వెళ్లాలి. డబ్లిన్ గురించి నాలుగైదు వాక్యాలు చాలు: చీకటి, చెక్క నేల, షిఫ్టు, కార్డు. లైనింగ్ రెండు వాక్యాలు, చేతుల తప్పు ఒక పేరా. మొదటి చిత్తులో ఇది తలకిందులుగా వస్తుంది, డబ్లిన్ రెండు పేజీలూ పక్క కుట్టు రెండు లైన్లూ అవుతాయి. కోసేటప్పుడు ముందు డబ్లిన్‌ని కోయండి.

తర్వాత ఒక కాగితం మీద తేదీలు, గంటలు వరసగా రాసుకుని కథతో పోల్చండి. ప్రతి ఫోన్‌కీ రెండు గడియారాలూ వేయండి. వీడియో కాల్‌లో అక్క "లేటైతుంది" అంది కదా, ఆఫీసుకి తయారవుతోందనుకుని అప్పుడు హైదరాబాద్‌లో పొద్దున 9:30 అని పెడితే డబ్లిన్‌లో తెల్లవారుజామున 4 గంటలు. చెల్లి ఆ వేళకి లేచి కూర్చుందా? నైట్ షిఫ్టులో ఉందా? లేకపోతే అక్క సాయంత్రం ఎక్కడికో బయలుదేరుతోందా? నేనైతే ఆదివారం సాయంత్రం 6, శుభలేఖలు పంచడానికి వెళ్తున్నట్టు పెడతాను, అప్పుడు డబ్లిన్‌లో మధ్యాహ్నం 12:30. ఈ తప్పు సులువుగా దొర్లుతుంది, విదేశాల్లో ఉన్న పాఠకులు వెంటనే పట్టేస్తారు.

చివరిగా, చిత్తుప్రతిని మీ వీధిలో బ్లౌజులు కుట్టే ఆమెకి చదివి వినిపించండి. బాగుందా అని అడగకండి. బాగుందనే అంటుంది. "మీరైతే ఈ మూడో వరస ఎలా వేస్తారు?" అని అడగండి. చేత్తో కాదు, మిషన్ మీదే పెద్ద కుట్టు పెట్టి వేస్తాను అంటుందేమో. పెద్ద కుట్టు కూడా లాగితే వస్తుంది, కాబట్టి అది సరైన మాటే. అప్పుడు చెల్లి దాన్ని రాత్రి ఎందుకు చేత్తోనే వేసిందో మీ కథలో ఇప్పటికే ఉండాలి: కింది గదిలో మనుషులు నిద్రపోతున్నారు. ఆ కారణం కథలో పక్క కుట్టు కంటే ముందు వచ్చిందో లేదో ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.